72 శాతం అంటే పాసా, ఫెయిలా?

ప్రశ్న: హనుమకొండలో ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి ఈ మార్చిలో రిటైరయ్యాను. నాకు 60, మా ఇంటావిడకు 56. పెన్షన్ లేదు. పీఎఫ్, గ్రాట్యుటీ, ప్లాటు అమ్మిన డబ్బు అన్నీ కలిపి 1.2 కోట్లు ఉన్నాయి. సొంతిల్లు. నెలకు 40,000 కావాలి. సగం ఈక్విటీ ఫండ్లలో, సగం ఎఫ్‌డీల్లో పెట్టి, ఫండ్లకు 12 శాతం, ఎఫ్‌డీలకు 7 శాతం, ధరల పెరుగుదల 6 శాతం అని ఎక్సెల్‌లో వేశాను. నాకు 90 నిండేనాటికి ఇంకా నాలుగు కోట్లు మిగులుతోంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి అవే అంకెలతో మాంటే కార్లో అని పదివేల సార్లు వేసి, "నాన్నా, 72 శాతమే వస్తోంది" అన్నాడు. అవే అంకెలకు రెండు జవాబులు ఎలా వస్తాయి? 72 అంటే పాసా, ఫెయిలా? నాలుగు రోజులుగా ఒకటే టెన్షన్.
– విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, మీ కూడికలూ సరిగానే ఉన్నాయి, మీ అబ్బాయి కూడికలూ సరిగానే ఉన్నాయి. నేను కూడా వేసి చూశాను. మీ షీటును ఇంకా కిందికి లాగితే డబ్బు మీకు 109 ఏళ్లు వచ్చేదాకా సరిపోతుంది. అయినా అవే అంకెలతో వేసిన పదివేల దారుల్లో దాదాపు 2,800 దారుల్లో మీకు 90 రాకముందే డబ్బు అయిపోతుంది. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ముందు చూద్దాం. పాసా ఫెయిలా అన్నది ఆ తర్వాత దానంతట అదే తేలుతుంది.

మీ షీటులో ప్రతి సంవత్సరం 9.5 శాతం వస్తుంది. పన్నెండూ ఏడూ కలిపి సగం చేస్తే అంతే కదా. కానీ ఏ సంవత్సరంలోనూ మార్కెట్ సరిగ్గా సగటు ఇవ్వదు. 2007 ఆఖరున సెన్సెక్స్ 20,287 దగ్గర ఉంది. 2008 ఆఖరుకు 9,647కు పడిపోయింది. 2009 ముగిసేసరికి మళ్ళీ 17,465కు వచ్చింది. అంటే ఒక ఏడు సగానికి పైగా పోయింది, మరుసటి ఏడు 81 శాతం పెరిగింది. ఉద్యోగంలో ఉండి నెలనెలా సిప్ కట్టేవాళ్ళకు ఇది ఒక కుదుపు మాత్రమే. అందులోంచి ఇంటి ఖర్చుకు తీసుకునేవాళ్ళ సంగతి వేరు. ధర పడి ఉన్నప్పుడు అదే 40,000 కోసం ఎక్కువ యూనిట్లు అమ్మాలి. అమ్మేసిన యూనిట్లు మార్కెట్ లేచినప్పుడు మనతో లేవవు.

మీ అంకెలతోనే చిన్న లెక్క చేద్దాం. పదేళ్లు తీసుకోండి. అందులో ఎనిమిదేళ్లు మొత్తం డబ్బు మీద 14 శాతం చొప్పున వచ్చింది. ఒక ఏడు 15 శాతం నష్టం, ఇంకో ఏడు 2 శాతం నష్టం. సగటు సరిగ్గా మీ 9.5 శాతమే. ప్రతి ఏడాది మొదట్లో ఆ ఏటి ఖర్చు తీసేస్తాం. మొదటి ఏడు 4.8 లక్షలు, తర్వాత ఏటా 6 శాతం ఎక్కువ.

ఆ రెండు చెడ్డ సంవత్సరాలూ చివర్లో, అంటే తొమ్మిదో ఏడు, పదో ఏడు వచ్చాయనుకోండి. పదేళ్ల తర్వాత మీ దగ్గర 199 లక్షలు ఉంటాయి. అవే రెండు సంవత్సరాలు రిటైరైన వెంటనే, మొదటి రెండేళ్లలో వస్తే 163 లక్షలే ఉంటాయి. సగటు అదే, తీసుకున్న డబ్బు అదే, సంవత్సరాలు కూడా అవే. వరస మారినందుకే 36 లక్షలు తేడా. అసలు ఏమీ తీసుకోకుండా ఊరికే వదిలేస్తే మాత్రం రెండు వరసల్లోనూ సమానంగా 285 లక్షలు అవుతుంది. కాబట్టి వరస దెబ్బ తగిలేది డబ్బు తీసుకునేవాళ్ళకే.

ఆ 285 దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఏటా తప్పకుండా 9.5 శాతం వచ్చి ఉంటే అది 297 అయ్యేది. ఏమీ తీసుకోకపోయినా 12 లక్షలు తగ్గింది. ఎందుకంటే వందలో 40 శాతం పడితే 60, దాని మీద 40 శాతం లేస్తే 84. సగటు సున్నా అయినా పదహారు రూపాయలు పోయాయి. ఒడుదుడుకులు ఎంత ఎక్కువైతే సగటుకూ చేతికి వచ్చేదానికీ మధ్య అంత దూరం. మీ సగం-సగం పథకంలో 9.5 సగటు నిజంగా పెరిగేది 8.9 లాగానే. మీ షీటు, మీ అబ్బాయి ప్రోగ్రాము విడిపోయింది ఈ రెండు చోట్లే.

ఇక మాంటే కార్లో సంగతి. మీరు ఫిజిక్స్ చెప్పినవారు కాబట్టి దీని పుట్టుక మీకు నచ్చుతుంది. 1946లో స్టానిస్లావ్ ఉలామ్ అనే గణితవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాట ఆడుకునేవాడు. ఒక ఆట పూర్తిగా కుదిరే అవకాశం ఎంత అని లెక్క కట్టబోతే సూత్రాలకు లొంగలేదు. అంతకంటే వంద ఆటలు ఆడి ఎన్ని కుదిరాయో లెక్కపెట్టడం సులువు కదా అనిపించింది. ఆ ఆలోచన లాస్ అలమోస్ ప్రయోగశాలలో జాన్ వాన్ న్యూమన్ చేతిలో పడి, అణుబాంబు పదార్థంలో న్యూట్రాన్లు ఎలా ప్రయాణిస్తాయో లెక్కించే పద్ధతి అయింది. మీ పింఛను లెక్క కూడా అలాంటిదే. ముప్పై ఏళ్ల మార్కెట్‌కు సూత్రం లేదు, ఆడి చూడాల్సిందే.

ఎలా ఆడతామంటే, ఒక కుండ నిండా చీట్లు ఉన్నాయనుకోండి. ఒక్కో చీటీ మీద ఒక సంవత్సరపు ఈక్విటీ రాబడి రాసి ఉంటుంది. చీట్ల సగటు 12 శాతం, కానీ అవి 22 శాతం మేర అటూ ఇటూ చెదిరి ఉంటాయి. అంటే మూడింట రెండు చీట్లు మైనస్ 10కీ ప్లస్ 34కీ మధ్య ఉంటాయి, మిగిలినవి ఇంకా బయట. ఒక చీటీ తీసి, ఆ ఏటి ఖర్చు పోగా మిగిలిన డబ్బుకు ఆ రాబడి వేసి, చీటీని మళ్ళీ కుండలో పడేసి, ఇంకోటి తీయాలి. ముప్పై సార్లు తీస్తే మీ ఒక జీవితం. అలాంటి జీవితాలు, అంటే దారులు, పదివేలు వేసి, ఎన్నింటిలో ముప్పయ్యో ఏటి ఖర్చు కూడా ఇవ్వగలిగామో లెక్కపెడితే వచ్చేదే 72 శాతం. మీ అబ్బాయి రాసినది దాదాపు ఇలా ఉండి ఉంటుంది:

```python
import numpy as np
rng = np.random.default_rng()
N, Y = 10000, 30
eq = rng.normal(0.12, 0.22, (N, Y))
w = np.full(N, 120.0)
ok = np.ones(N, bool)
need = 4.8
for y in range(Y):
    w = w - need
    ok &= (w >= 0)
    w = w.clip(0) * (1 + 0.5*eq[:, y] + 0.5*0.07)
    need *= 1.06
print(ok.mean())
```

ఇందులో 120, 4.8 లక్షల్లో ఉన్నాయి. `need` ఆ ఏటి ఖర్చు. ఏటా చివర ఫండ్లూ ఎఫ్‌డీలూ మళ్ళీ సగం-సగం చేస్తున్నామని దీని అర్థం. నడిపిన ప్రతిసారీ ఒకటి అర అటూ ఇటూ రావచ్చు, దానికి కంగారు పడకండి. పదివేల దారులకు అంతకంటే ఎక్కువ ఊగదు. ఐదు వందల దారులే వేసి 72.4 అని దశాంశంతో చూపించేవాళ్ళను మాత్రం నమ్మకండి. అంత తక్కువ దారులతో మూడు నాలుగు శాతం అటూ ఇటూ మామూలే.

`need` అంకె మార్చుతూ పోతే మీకు అసలు చిత్రం కనిపిస్తుంది. నెలకు 50,000 తీసుకుంటే ముప్పై ఏళ్లు నిలిచేవి నూటికి 42 దారుల దాకా. 45,000 అయితే 57. మీ 40,000కు 72. 35,000కు 85. 30,000కు 94. ఇవన్నీ ఉజ్జాయింపులే. కానీ 50,000 దగ్గర మీ ఎక్సెల్ ఏమంటుందో వేసి చూడండి. 31 ఏళ్లు నిలుస్తుంది, పాస్ అంటుంది. సగానికంటే ఎక్కువ దారుల్లో ఫెయిలయ్యే పథకాన్ని మీ షీటు పాస్ చేస్తోంది. సగటుతో వేసే షీటు మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే. బ్యాంకుల్లో, ఏజెంట్ల దగ్గర రంగు కాగితాల మీద ఇచ్చే రిటైర్మెంట్ పట్టికల్లో చాలావరకు ఇలాంటి షీట్లే.

అయితే 72 అన్న ఒక్క అంకెను చూసి నిద్ర పాడుచేసుకోవడం కూడా సరికాదు. మిగిలిన 28 దారుల్లో డబ్బు ఎప్పుడు అయిపోతోంది? విడదీసి చూస్తే, మీకు 80 రాకముందే అయిపోయేవి మూడు. 80కీ 85కీ మధ్య అయిపోయేవి పది. మిగతా పదిహేను 85 దాటాక, 90 లోపు. 88లో డబ్బు అయిపోవడం, 78లో అయిపోవడం ఒకే రకం కష్టం కాదు. ప్రోగ్రాము మాత్రం రెండింటినీ ఒకే ఫెయిల్‌గా లెక్కపెడుతుంది.

దీనికి ఇంకా గట్టి ఉదాహరణ చెబుతాను. "ఈ గొడవంతా ఎందుకు, మొత్తం ఎఫ్‌డీలో వేసేస్తా" అని మీకు ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా అనిపించి ఉంటుంది. 7 శాతం వడ్డీ, 6 శాతం ధరల పెరుగుదల అని వేస్తే మీ డబ్బు 28 ఏళ్లు నిలుస్తుంది, అంటే మీకు 88 వచ్చేదాకా. ముప్పై ఏళ్ల పరీక్షలో దీనికి వచ్చే మార్కు సున్నా, ఎందుకంటే ఒక్క దారీ 90 చేరదు. కానీ ఏ దారీ 88కి ముందు కూలదు. సున్నా మార్కుల పథకం, 72 మార్కుల పథకం పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదే మంచిదనిపించే మనుషులు ఉంటారు, వాళ్ళది తప్పు కాదు. అయితే అక్కడ ఒక మోసం ఉంది. ఎఫ్‌డీ వడ్డీ ముప్పై ఏళ్లపాటు 7 దగ్గర ఆగి ఉండదు. 2021లో పెద్ద బ్యాంకుల్లో ఐదేళ్ల ఎఫ్‌డీకి ఐదున్నర చుట్టూనే ఇచ్చారు. ధరలు 6 శాతానికి బదులు 7 శాతం పెరిగితే ఆ డబ్బు 25 ఏళ్లకే అయిపోతుంది. షేర్లలో ఉన్న కుదుపు కంటికి కనిపిస్తుంది, ఎఫ్‌డీలో ఉన్నది కనిపించకుండా తింటుంది. అందుకే మీ సగం-సగం పథకాన్ని నేను మార్చమనడం లేదు.

కుండలో చీట్లు ఎవరు వేశారన్నది ఇప్పుడు అడగాలి. ఆ 12 శాతాన్ని 10 చేసి ప్రోగ్రాము నడిపితే 72 కాస్తా 56 అవుతుంది. ఫండు ఖర్చులు, పన్ను, మార్కెట్ గతంలోకంటే కాస్త నెమ్మదించడం, ఈ మూడూ కలిస్తే రెండు శాతం పోవడం పెద్ద విషయం కాదు. నేనైతే మీ అబ్బాయిని 10 శాతంతోనే వేసి చూడమంటాను. దానికి తట్టుకుంటే 12 వచ్చినప్పుడు ఎలాగూ తట్టుకుంటుంది.

చీట్లను పంచిన తీరులో కూడా లోపం ఉంది. సగటు 12, చెదురు 22 ఉన్న ఆ గంట ఆకారపు వక్రరేఖ ప్రకారం 2008 లాంటి పతనం అయిదు వందల ఏళ్లకు ఒకసారి కూడా రాకూడదు. మనకు సెన్సెక్స్ లెక్కలు ఉన్నదే 1979 నుంచి. అంత తక్కువ కాలంలోనే అది వచ్చేసింది, ఆ మరుసటి ఏడే 81 శాతం లేవడమూ వచ్చింది. అంటే నిజమైన కుండలో అంచున ఉండే చీట్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువ. పైగా చీటీ తీసి తిరిగి వేసే ఆటలో ఒక ఏటికీ తర్వాతి ఏటికీ సంబంధం ఉండదు. మార్కెట్లో చెడ్డకాలం ఒక్కోసారి గుంపుగా వస్తుంది. 1992 ఏప్రిల్‌లో నాలుగున్నర వేల దాకా వెళ్ళిన సెన్సెక్స్, 2003 మొదట్లో మూడు వేల చుట్టూ ఉంది. పదకొండేళ్లు. జపాన్ నిక్కీ 1989 డిసెంబరు శిఖరాన్ని మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ఇలాంటివాటిని పట్టుకోవాలంటే ఊహించిన చీట్లు కాకుండా నిజంగా జరిగిన సంవత్సరాలనే తీసుకుని, ఒక్కొక్కటిగా కాక వరసగా ఐదేసి సంవత్సరాల కట్టలుగా తీయాలి. మీ అబ్బాయికి ఈ మాట చెబితే పట్టుకుంటాడు, పది నిమిషాల పని. అయితే మన దేశంలో ముప్పై ఏళ్ల చరిత్రలు ఒకదానితో ఒకటి కలవకుండా తీస్తే రెండు కూడా రావు. కాబట్టి దాన్ని కూడా వేదవాక్కుగా తీసుకోవద్దు.

ఇప్పటిదాకా మీ లెక్కలోని, మీ అబ్బాయి లెక్కలోని చిన్న చిన్న విషయాలు చెప్పాను. నన్ను నిజంగా కలవరపెట్టింది వేరే. ఇద్దరూ లెక్కను మీ 90 దగ్గర ఆపారు. మీకు 90 నిండేనాటికి అమ్మగారికి 86. ఆ తర్వాత ఆవిడ సంగతేమిటి? పెన్షన్ లేని ఇంట్లో చివరికి ఒంటరిగా, తక్కువ డబ్బుతో మిగిలేది ఎక్కువసార్లు భార్యే. ఈ లెక్క ఆవిడ వయసు మీద ఆగాలి. ఆవిడకు 92 వచ్చేదాకా అంటే 36 ఏళ్లు. అదే 40,000, అదే 12 శాతంతో 36 ఏళ్లకు వేస్తే 72 మళ్ళీ 56 దగ్గరికే వస్తుంది. ఒకరే మిగిలాక ఖర్చు కొంత తగ్గుతుంది, అది నిజమే. కానీ సగం తగ్గదు. ఇల్లు, కరెంటు, పనిమనిషి అలాగే ఉంటాయి, మందుల ఖర్చు పెరుగుతుంది. ఇంత చెప్పినందుకు ఏమీ అనుకోకండి, ఇది చెప్పకుండా మిగతాదంతా చెబితే ఆవిడకు అన్యాయం చేసినట్టు.

అయితే చేయాల్సిందేమిటి? మీ 40,000 ఒక్క ముద్ద కాదు. ఇద్దరూ కూర్చుని విడదీయండి. బియ్యం, కూరగాయలు, పాలు, మందులు, ఆరోగ్య బీమా ప్రీమియం, కరెంటు, ఇంటి పన్ను, పనిమనిషి. ఇవి మార్కెట్ పడిందని ఆపలేనివి. మీ వయసు దంపతులకు హనుమకొండలో సొంతింట్లో 30,000 అవుతుందనుకుంటాను, మీ లెక్క వేరైతే మీదే వేసుకోండి. మిగతా 10,000 తీర్థయాత్రలు, పెళ్లిళ్లలో చదివింపులు, మనవలకు పెట్టేవి, పండక్కి బట్టలు. ఇవి ఆపితే మనసుకు కష్టమే, బతుకుకు కాదు.

ఇప్పుడు ప్రోగ్రాముకు రెండు ప్రశ్నలు వేయండి. కదపలేని 30,000 నిలుస్తుందా? ముప్పై ఏళ్లకు 94, అమ్మగారి 92 దాకా 86. మొత్తం 40,000 ఒక్క ఏడూ తగ్గకుండా నిలుస్తుందా? 72, 56. మీ అబ్బాయి ప్రోగ్రాములో ఉన్న మనిషి మార్కెట్ సగం పడినా అదే ఏడు ఆరు శాతం ఎక్కువ తీసుకుని కాశీకి వెళ్ళే మనిషి. మీరు అలా చేయరు. కాబట్టి మీ అసలు బతుకు ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంటుంది. రెండోవైపు వెళ్తుందా, మొదటివైపు వెళ్తుందా అన్నది మీరు ముందే పెట్టుకునే నియమం మీద ఆధారపడుతుంది.

ఆ నియమం సులువుగా ఉండాలి. ప్రతి ఏప్రిల్‌లో ఆ ఏటి మొత్తం ఖర్చును, అంటే పదివేలతో కలిపి, ఆ రోజు ఉన్న మొత్తం డబ్బుతో భాగించండి. ఇప్పుడు అది 4 శాతం. ఎప్పుడైనా 5 దాటితే ఆ ఏడు కదపలేని ఖర్చు మాత్రమే తీసుకోండి. మళ్ళీ 5కు దిగాక మామూలే.

ఇందాకటి చెడ్డ వరసలో దీన్ని పెట్టి చూశాను. మొదటి ఏటి నష్టం తర్వాత మీ దగ్గర 97.9 లక్షలు ఉంటాయి, కావాల్సింది 5.09 లక్షలు. 5.2 శాతం, గంట మోగింది. నియమం పాటిస్తే పదేళ్లకు 163 లక్షలకు బదులు 186 లక్షలు మిగులుతాయి. వరస చెడగొట్టిన 36 లక్షల్లో 23 లక్షలు వెనక్కి వచ్చినట్టే. కానీ దాని ఖరీదు కూడా చెప్పాలి. ఆ వరసలో రెండో ఏడు నుంచి ఎనిమిదో ఏడు దాకా, ఏడేళ్లపాటు గంట మోగుతూనే ఉంటుంది. మార్కెట్ మూడో ఏటి నుంచే ఏటా 14 శాతం ఇస్తున్నా కూడా. మీకు 61 నుంచి 68, కాళ్లు బాగా ఆడే వయసు. ఏడేళ్లు యాత్రలు లేకుండా ఉండగలరా అన్నది కంప్యూటర్ చెప్పలేదు, మీ ఇద్దరే మాట్లాడుకోవాలి. ఉండలేం అనుకుంటే పదివేలు మొత్తం కాకుండా ఐదువేలు కోసుకునే నియమం పెట్టుకోండి, వచ్చే మేలు కూడా కాస్త తగ్గుతుంది.

నా సలహా అడిగితే, మొదటి ఐదేళ్లు 40,000తో కాక 35,000తో మొదలుపెట్టమంటాను. మొదటి ఐదారేళ్లే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అప్పుడు పోయిన రూపాయికి ముప్పై ఏళ్లు పెరిగే అవకాశం పోతుంది. ఆ కాలం గడిచేసరికి ఏప్రిల్ లెక్క 4 కంటే కిందే ఉంటే 40,000కు, దానికి తగిన ధరల పెరుగుదలతో, వెళ్ళిపోవచ్చు. ఎఫ్‌డీల సగంలో 30 లక్షలు మీ పేరున సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో పెట్టండి. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, నెలకు 20,500 పడినట్టు. ఐదేళ్లు ఆ వడ్డీ మారదు. కదపలేని ఖర్చులో మూడింట రెండొంతులు దాంట్లోంచే వస్తే, మార్కెట్ పడిన ఏడు ఫండ్లు అమ్మే అవసరం బాగా తగ్గుతుంది. అమ్మగారికి 60 నిండాక ఆవిడ పేరున కూడా తెరవొచ్చు, అప్పటికి వడ్డీ ఎంత ఉంటుందో చూసుకుని.

నూటికి 95, 98 వచ్చేదాకా ఖర్చు కోసుకుంటూ పోవాలా అని మీ అబ్బాయి అడగొచ్చు. వద్దు. 30,000తోనే ముప్పై ఏళ్లు గడిపితే ఎక్కువ దారుల్లో కోట్లు మిగిలిపోతాయి, అవి మీరు తినని తిండి, వెళ్లని ఊళ్లు. ఖర్చులో కొంత భాగం సర్దుకోగలిగిన ఇంటికి 75, 80 మధ్య వస్తే నేను తృప్తి పడతాను. పైసా తగ్గించలేని ఇంటికైతే 90 అడుగుతాను.

ఈ ఆదివారం మీ అబ్బాయితో ఫోన్లో కూర్చుని ప్రోగ్రాములో నాలుగు మార్పులు చేయించండి. `Y` 36, ఈక్విటీ సగటు 0.10, మొదటి ఏటి ఖర్చు 4.2, ఆపైన 5 శాతం దాటితే తగ్గించే నియమం. ఒక్క శాతం కాకుండా, ఏ వయసు దాకా ఎన్ని దారులు నిలిచాయో ఐదేళ్లకోసారి పట్టికగా అచ్చు వేయమనండి. ఆ పట్టిక చూస్తున్నప్పుడు అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కువ సంవత్సరాలు దాంతో బతకాల్సింది ఆవిడే కావచ్చు.